బార్ నిండింది, అకౌంట్‌లో మాత్రం ముప్పై వేలు తక్కువ

పరకాల_బ్యాచ్
మేం పదో తరగతి పాసై 25 ఏళ్లయింది. ఆ సందర్భంగా మా ఊరి బడికి డెస్కులు ఇద్దామనుకున్నాం. పిల్లలు ఇంకా కింద కూర్చుంటున్నారు. వరంగల్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో అడిగితే ఇద్దరు కూర్చునే ఇనుప డెస్కు 5,000 అన్నాడు. 30 డెస్కులకు 1,50,000. మా వాట్సాప్ గ్రూపులో రెండు సెక్షన్లూ కలిపి 120 మంది ఉన్నాం. ఆన్‌లైన్‌లో కలెక్షన్ పేజీ ఒకటి తెరిచి టార్గెట్ 1,50,000, గడువు 21 రోజులు పెట్టాను.

మొన్న రాత్రి పేజీలో ఎంత వచ్చిందో చూపించే బార్ నిండింది. 1,50,500 చూపించింది. గ్రూపులో ఒకటే టపాసుల స్టిక్కర్లు. ఇవాళ పొద్దున నా ఖాతాలో పడింది ఎంతో తెలుసా? 1,19,682.50. అంటే 30,817.50 తక్కువ. పేజీ వాళ్లకు మెయిల్ పెడితే "మీ అభ్యర్థన అందింది" అని ఒక జవాబు వచ్చి ఊరుకుంది. గ్రూపులో ఇంకా నోరు విప్పలేదు. చెబితే నేనే తిన్నానంటారు. నిద్ర పట్టడం లేదు. ఎవరికైనా ఇలా జరిగిందా?

మడికొండ_మామ
ఎన్ని నెలల చిట్టీ? పాట ఎంతకు పోయింది? లక్షన్నర చిట్టీ ముందే ఎత్తుకుంటే ముప్పై వేలు తగ్గడం మామూలే. అందులో ఫోర్‌మన్ కమీషన్ కూడా ఉంటుంది.

పరకాల_బ్యాచ్
మామా, చిట్టీ కాదు. బడికి చందా.

హన్మకొండ_హరి
పక్కా మోసం అన్నా. యూపీఐకి రూపాయి చార్జీ ఉండదు. 2020 జనవరి నుంచి దుకాణాల దగ్గర కూడా తీసుకోకూడదని రూల్ ఉంది. మీ వాళ్లందరూ యూపీఐలోనే కట్టి ఉంటారు కదా? మరి ముప్పై వేలు ఎట్ల పోతాయి? వెంటనే 1930కి ఫోన్ కొట్టు.

లెక్కల_లక్ష్మి
హరిగారూ, కాస్త ఆగండి. మా కాలనీ సంఘానికి, మా ఆఫీసు వాళ్ల వసూళ్లకు ఏడేళ్లుగా లెక్కలు నేనే చూస్తున్నాను. 1930కి ఫోన్ చేసే ముందు మూడు విషయాలు చూడాలి.

పరకాల గారూ, పేజీ డాష్‌బోర్డులో ఎవరెవరు ఎంత కట్టారో రిపోర్టు దిగుతుంది. ఎక్సెల్ ఫైలు వస్తుంది, అది దించుకోండి. ఎవరైనా చేతికి నగదు ఇస్తే మీరు పేజీలో ఎక్కించారా? ఎవరికైనా డబ్బు వాపసు వెళ్లిందా? పేజీ తెరిచేటప్పుడు ఫీజు శాతం ఎంతని రాశారు? ఈ మూడూ చెబితే లెక్క తేలుతుంది.

ఓరుగల్లు_కోట
సబ్‌స్క్రయిబ్డ్. నేనూ వచ్చే నెలలో ఇలాంటిదే పెడదామనుకుంటున్నా.

పరకాల_బ్యాచ్
రిపోర్టు దించుకున్నాను లక్ష్మి గారూ.

నగదు ఇచ్చినవాళ్లు 11 మంది, మొత్తం 18,000. ఊళ్లో ఉండే వాళ్లకు ఫోన్‌లో కట్టడం రాదు, కొందరికి ఇష్టం లేదు. మా క్లాస్ లీడర్ తీసుకున్నాడు. పేజీలో "ఆఫ్‌లైన్ చందా" అని ఉంటే అందులో నేనే ఎక్కించాను. ఆ డబ్బు షాపు వాడికి అడ్వాన్స్‌గా ఇచ్చేశాం, రసీదు ఉంది.

ఫీజు గురించి ఇప్పుడే చదివాను. పేజీ ఫీజు 3 శాతం, పేమెంట్ గేట్‌వే 2 శాతం, వాటి మీద జీఎస్టీ అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. అప్పుడు చూడలేదు, టిక్ కొట్టేశాను.

వాపసు అంటే... ఒక లైను దగ్గర మైనస్ 5,000 ఉంది. అదేంటో తెలియదు.

లెక్కల_లక్ష్మి
సగం మీరే పట్టేశారు. ఇక లెక్క వేద్దాం.

1,50,500లో 18,000 నగదు. అది పేజీ గుండా రాలేదు కాబట్టి మీ ఖాతాకూ రాదు. మీరు ఎక్కించారు కాబట్టి బార్‌లో మాత్రం కనిపించింది. మిగిలింది 1,32,500. ఇదే ఆన్‌లైన్‌లో వచ్చింది.

1,32,500 మీద 3 శాతం అంటే 3,975. 2 శాతం అంటే 2,650. రెండూ కలిపి 6,625. జీఎస్టీ 18 శాతం ఈ ఫీజు మీదే పడుతుంది, మీ చందా మీద కాదు. అది 1,192.50. మొత్తం కోత 7,817.50. మిగిలింది 1,24,682.50.

అందులోంచి ఆ మైనస్ 5,000 తీసేయండి. 1,19,682.50. పైసలతో సహా సరిపోయింది. మోసం ఏమీ లేదు, హాయిగా పడుకోండి.

పరకాల_బ్యాచ్
అమ్మయ్య! పైసలతో సహా కలిసింది. మీకు బిర్యానీ బాకీ. మరి ఆ 5,000?

లెక్కల_లక్ష్మి
రిపోర్టులో 5,000 కట్టినవాళ్లను చూడండి. ఒకే పేరు రెండుసార్లు ఉంటుంది, మధ్యలో రెండు మూడు నిమిషాల తేడా ఉంటుంది. యూపీఐ రిఫరెన్స్ నంబర్లు, ఆ 12 అంకెలవి, రెండూ వేరుగా ఉంటాయి. నంబరు ఒకటే అయితే రిపోర్టులో తప్పు. వేరువేరైతే నిజంగానే రెండుసార్లు కట్టారు.

పరకాల_బ్యాచ్
ఉంది! మన హైదరాబాద్ బ్యాచ్‌మేట్. రాత్రి 10:41కి ఒకసారి, 10:43కి ఒకసారి. ఇప్పుడే ఫోన్ చేశాను. మొదటిసారి చక్రం తిరుగుతూ ఉండిపోయిందట, పడలేదేమోనని మళ్లీ కొట్టాడట. తర్వాత బ్యాంకు మెసేజ్‌లు రెండు చూసి పేజీ వాళ్లకు చెప్పి వాపసు తీసుకున్నాడట. నాకు చెప్పలేదు.

లెక్కల_లక్ష్మి
బార్‌లో ఆ రెండో 5,000 ఇంకా ఉంది చూశారా? కొన్ని పేజీల్లో వాపసు వెళ్లినా బార్ వెంటనే దిగదు. పైగా ఆ 5,000 మీద కోసిన 295 రూపాయల ఫీజు కూడా మీకు తిరిగి రాలేదు, పైన లెక్కలో అది కలిసే ఉంది. చాలా పేజీలు వాపసు ఇచ్చినా ఫీజు ఇవ్వవు.

మీ అందరికీ ఒక మాట. చక్రం తిరుగుతుంటే మళ్లీ కొట్టకండి. ఖాతాలో డబ్బు కట్ అయి, అవతలి వాళ్లకు అందినట్టు ఖాయం కాకపోతే బ్యాంకే తిరిగి వేయాలి. దుకాణానికి, ఇలాంటి పేజీకి కట్టిన యూపీఐకి అయిదు రోజుల గడువు. అది దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం అని రిజర్వ్ బ్యాంకు 2019లోనే చెప్పింది.

హన్మకొండ_హరి
లెక్క సరే మేడం, ఒప్పుకుంటా. కానీ నా పాయింట్ అట్లనే ఉంది. యూపీఐ మీద 2 శాతం ఎట్ల తీసుకుంటారు?

లెక్కల_లక్ష్మి
మీరు చెప్పిన రూల్ నిజమే, కానీ అది బ్యాంకులు దుకాణదారు దగ్గర తీసుకునే చార్జీ గురించి. పేజీ నడిపేవాడు తన సేవకు ఇంత అని రాసుకుంటే, మనం టిక్ కొడితే అది వేరే ఒప్పందం. అందరూ తీసుకోరు. ఫీజు సున్నా పెట్టి, ఇచ్చేవాళ్ల దగ్గర "టిప్" అడిగే పేజీలు కూడా ఉన్నాయి. పేజీ తెరిచే ముందు చూసుకోవాల్సింది అదే.

నర్సంపేట_మిర్చి
టిప్ అంటే గుర్తొచ్చింది. మా బంధువుల పాప ఆపరేషన్‌కు 1,000 ఇద్దామని నొక్కితే నా ఖాతాలో 1,120 కట్ అయింది! ఆ 120 ఆసుపత్రికి పోయిందనుకుని సంతోషపడ్డా.

లెక్కల_లక్ష్మి
పాపకు చేరేది 1,000 నుంచే. 120 పేజీ వాళ్లకు. ముందే 12 శాతమో, అంతకంటే ఎక్కువో ఎంచి పెడతారు, మనం వేలితో సున్నాకు జరుపుకోవాలి. బార్‌లో కూడా 1,000 మాత్రమే పెరుగుతుంది.

నర్సంపేట_మిర్చి
120కి రెండు ప్లేట్ల మిర్చి బజ్జీ వచ్చేది. పోనీ.

కాజీపేట_జంక్షన్
నాకు ఒకటి అర్థం కాలేదు. ఫీజు పోగా వచ్చేదే బార్‌లో చూపిస్తే ఈ లొల్లి ఉండదు కదా?

లెక్కల_లక్ష్మి
మంచి ప్రశ్న. 500 ఇచ్చినవాడు పేజీ తెరిచి చూస్తే తన పేరు పక్కన 470.50 ఉంటే ఊరుకుంటాడా? "నేను అయిదొందలిచ్చిన, ముప్పై ఎవడు తిన్నడు" అంటాడు. అందుకే బార్ ఇచ్చినవాడి లెక్క చూపిస్తుంది, బ్యాంకు తీసుకునేవాడి లెక్క చూపిస్తుంది. రెండింటి మధ్య తేడా పేజీ తెరిచినవాడి నెత్తిన పడుతుంది. కాబట్టి టార్గెట్ పెట్టేటప్పుడే కోతను కలుపుకొని పెట్టాలి.

ఓరుగల్లు_కోట
అంటే 5 శాతం ఫీజు, దాని మీద 18 శాతం, మొత్తం 5.9. లక్షన్నరకు 5.9 శాతం కలిపితే 1,58,850. అది టార్గెట్ పెట్టుకుంటే సరిపోతుంది. రాసుకున్నా.

లెక్కల_లక్ష్మి
చాలామంది ఇక్కడే జారతారు. మీరు 1,58,850 పెడితే కోత 1,50,000 మీద పడదు, మొత్తం 1,58,850 మీద పడుతుంది. చేతికి వచ్చేది 1,49,477. అయిదు వందలు తక్కువ. కలపడం కాదు, భాగించాలి. వందలో 94.1 మిగులుతుంది కాబట్టి 1,50,000ను 0.941తో భాగించండి. 1,59,405 వస్తుంది.

పరకాల గారి సంగతిలో 18,000 నగదు ముందే ఉంది కాబట్టి ఆన్‌లైన్‌లో కావాల్సింది 1,32,000. దాన్ని భాగిస్తే 1,40,277. నగదు కలిపితే బార్ టార్గెట్ 1,58,277 ఉండాల్సింది.

ఓరుగల్లు_కోట
చిన్నప్పుడు ఈ భాగహారాలకే లెక్కల సారు గోడకుర్చీ వేయించాడు.

జనగామ_రాజు
ఇంత బాధ ఎందుకు? వాట్సాప్‌లో లిస్టు పెట్టి, ఒకరి ఫోన్‌పే నంబరు ఇస్తే అయిపోయేది. మా బ్యాచ్ అట్లనే చేసింది. ఫీజు సున్నా.

పరకాల_బ్యాచ్
రెండేళ్ల కింద మేమూ అదే చేశాం అన్నా. లిస్టు కాపీ చేసి కింద తన పేరు కలిపి మళ్లీ పెడతారు కదా. ఇద్దరు ఒకే నిమిషంలో పెడితే ఒకరి పేరు మాయం. 23వ నంబరు దగ్గర ముగ్గురు కొట్టుకున్నారు. పైగా లిస్టులో పేరు రాసినవాళ్లు 41 మంది, కట్టినవాళ్లు 29 మంది. కొందరు భార్య ఫోన్ నుంచి కట్టారు, స్టేట్‌మెంట్‌లో ఎవరి పేరు ఎవరిదో నాకు రెండు ఆదివారాలు పట్టింది. పేజీలో మంచి ఏంటంటే కడితేనే పేరు పడుతుంది.

కరీంనగర్_కిరణ్
జనగామ అన్నా, నా కథ విను. మా కాలనీ వినాయకుడి చందాకు నా సొంత సేవింగ్స్ ఖాతా క్యూఆర్ అతికించాం. రూపాయి ఫీజు పోలేదు, నిజమే. నాలుగో రోజు చూస్తే ఖాతాలో 2,000 తీయడానికి లేదు. బ్యాంకుకు వెళ్తే వేరే రాష్ట్రం పోలీసుల నుంచి లెటర్ వచ్చిందని చెప్పారు. చందా ఇచ్చినవాడి ఖాతాలోకి ఏదో సైబర్ మోసం డబ్బు వచ్చిందట, అది చేతులు మారి నా దాకా వచ్చిందట. ఆ 2,000 విడిపించుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. నయం, మొత్తం ఖాతా ఆపలేదు. మా తోటివాళ్లలో ఇంకొకడికి ఖాతాయే ఆపేశారు, జీతం అందులోనే పడేది.

జనగామ_రాజు
అది ఎవరికైనా ఎప్పుడైనా జరగొచ్చు. కూరగాయల బండి వాడికీ జరుగుతుంది. అందుకని ఎనిమిది వేలు ఫీజు కట్టాలా?

కరీంనగర్_కిరణ్
జీతం పడే ఖాతా మాత్రం పెట్టకు, అంతే నా మాట. వేరే ఖాతా ఉంటే అది ఇవ్వు.

లెక్కల_లక్ష్మి
ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఇరవై ముప్పై మంది, ఒకరికొకరు తెలిసినవాళ్లు అయితే పేజీ అక్కర్లేదు. ఖాళీగా ఉన్న ఖాతా, వీలైతే ఇద్దరి పేరున జాయింట్ ఖాతా చాలు. 120 మంది, సగం మందికి పాతికేళ్లుగా మాటల్లేవు అంటే పేజీకి కట్టిన ఫీజు అనుమానాలకు కట్టినట్టే అనుకోండి. ఎవరు ఎంత, ఎప్పుడు అన్నది అందరికీ ఒకేచోట కనిపిస్తుంది. దానికి 7,800 ఎక్కువా కాదా అనేది మీ బ్యాచ్‌ను బట్టి.

హన్మకొండ_హరి
పరకాల అన్నా, అసలు 120 మందిలో ఎంతమంది ఇచ్చారు? మా బ్యాచ్‌లో అయితే డీపీలో గులాబీ పూలు పెట్టేవాళ్లే ఎక్కువ.

పరకాల_బ్యాచ్
ఆన్‌లైన్‌లో 56 మంది, నగదు 11 మంది. రిపోర్టు చూస్తుంటే నాకే ఆశ్చర్యం వేసింది. 10,000 ఇచ్చినవాళ్లు నలుగురు, 5,000 ఇచ్చినవాళ్లు ఏడుగురు. ఆ 11 మందివే 75,000. తర్వాత 2,000 చొప్పున 15 మంది, 1,000 చొప్పున 15 మంది, 500 చొప్పున 15 మంది. వాపసు పోయింది తీసేస్తే మొత్తం 1,27,500. అంటే చిన్న మొత్తాలు చాలా వచ్చాయి కానీ సగానికి పైగా బరువు 11 మందే మోశారు.

కాజీపేట_జంక్షన్
1,116 ఇచ్చినవాడు ఒక్కడూ లేడా? మన దగ్గర చదివింపులు వెయ్యిన్నూట పదహార్లు, అయిదొందల పదహార్లు కదా.

పరకాల_బ్యాచ్
పేజీలో 500, 1,000, 2,000, 5,000, 10,000 అని బటన్లు ఉన్నాయి. వేరే అంకె కొట్టుకోవచ్చు కానీ ఎవరూ కష్టపడలేదు. నగదు ఇచ్చినవాళ్లలో మాత్రం ఇద్దరు పెద్దోళ్లు 1,116 కవర్లో పెట్టి ఇచ్చారు.

లెక్కల_లక్ష్మి
ఆ బటన్లు మార్చుకోవచ్చు. కనిష్ఠ బటన్ 500 పెడితే 200 ఇద్దామనుకున్నవాడు కొందరు 500కు ఎక్కుతారు, కొందరు ఊరికే మూసేస్తారు. మీ ఊరి వాళ్ల స్థితి మీకు తెలుసు కాబట్టి అది మీరే తేల్చుకోవాలి. శాతం ఫీజు అయితే 50 రూపాయల చందాకూ 5,000కూ కోత ఒకే పాళ్లలో ఉంటుంది. కొన్ని చోట్ల ఒక్కో చెల్లింపుకు ఇంత అని స్థిరంగా తీసుకుంటారు. 3 రూపాయలు అనుకోండి, 50 రూపాయల చందాలో 6 శాతం దానికే పోతుంది. అలాంటి చోట చిన్న చందాలు నష్టం.

ఓరుగల్లు_కోట
21 రోజులూ వస్తూనే ఉన్నాయా లేక చివర్లో పడ్డాయా?

పరకాల_బ్యాచ్
అదొక పెద్ద నరకం. మొదటి నాలుగు రోజుల్లో 64,000. ఎగిరి గంతేశాను. తర్వాత పది రోజుల్లో 9,000 మాత్రమే. బార్ 73,000 దగ్గర నిలబడి నన్ను వెక్కిరిస్తున్నట్టుండేది. రోజూ గుర్తు చేస్తే జనం విసుక్కున్నారు, ఒకడు గ్రూపు మ్యూట్ చేశానని గ్రూపులోనే చెప్పాడు.

పదిహేనో రోజు రెండు పనులు చేశాను. ఒకటి, ఊళ్లో వచ్చిన నగదు 18,000 ఎక్కించాను. బార్ 91,000కి వెళ్లింది, అరవై శాతం దాటింది. రెండోది మా క్లాస్ లీడర్ ఐడియా. లక్షన్నరలో ఎంత మిగిలింది అని అడగడం మానేసి "ఇంకా 12 డెస్కులు, ఒకటి 5,000, ఇద్దరు కలిసి తీసుకోవచ్చు" అని పెట్టాం. ఏడో తరగతి పిల్లలు చాపల మీద కూర్చున్న ఫొటో కూడా హెడ్‌మాస్టర్‌ను అడిగి, ముఖాలు కనిపించకుండా వెనక నుంచి తీసి పెట్టాం. ఆరు రోజుల్లో మిగతాది వచ్చేసింది. అందులో 5,000 రెండోసారి పడిందని ఇవాళ తెలిసింది, అది వేరే సంగతి.

లెక్కల_లక్ష్మి
నగదు ఎక్కించడం మంచి పనే, కానీ చేతిలో పడ్డాకే ఎక్కించాలి. "నేను పది వేలు ఇస్తా, రాసుకో" అన్నవాడి మాట ఎక్కిస్తే బార్ నిండుతుంది, మిగతావాళ్లు ఇక అవసరం లేదని ఆగిపోతారు, ఆ పది వేలు వచ్చేది ఎప్పుడో. మా కాలనీలో అలా ఒకసారి బోరు మోటారు ఆరు నెలలు ఆగింది.

ములుగు_రోడ్
నేను ఆటో నడుపుతా. మా బ్యాచ్ పేజీలో నేను 500 ఇచ్చిన. పేర్లు పెద్ద మొత్తం నుంచి చిన్న మొత్తానికి వరుసగా ఉన్నాయి. నా పేరు అట్టడుగున. ఎవరూ ఏమీ అనలేదు, కానీ మా ఆవిడ చూసి నవ్వింది. ఈ ఏడు ఇంకొకటి పెట్టారు, నేను ఇవ్వలేదు. ఇవ్వలేక కాదు.

పరకాల_బ్యాచ్
ఈ మాట నాకు తగిలింది. మా పేజీలో ఎవరెంత ఇచ్చారో దాచే సెట్టింగ్ ఉంది, నేను ఆన్ చేయలేదు.

కాజీపేట_జంక్షన్
పేరు కనిపిస్తేనే ఇస్తారు జనం. 1885లో న్యూయార్క్‌లో స్వేచ్ఛా ప్రతిమ కింద పీఠానికి డబ్బు చాలకపోతే జోసెఫ్ పులిట్జర్ తన పేపర్ 'ది వరల్డ్'లో చందా ఎత్తాడు. ఎంత చిన్న మొత్తం ఇచ్చినా పేరు అచ్చు వేస్తానన్నాడు, వేశాడు. అయిదు నెలల్లో లక్ష డాలర్లకు పైగా వచ్చింది. ఇచ్చింది లక్షకు పైగా మంది, ఎక్కువ మందివి డాలర్ లోపే. ఇప్పుడు పేజీ చేసేది అప్పుడు పేపర్ చేసింది.

నర్సంపేట_మిర్చి
జంక్షన్ అన్న న్యూయార్క్ రైలు ఎక్కించాడు, ఇక దిగడు.

ములుగు_రోడ్
పేరు వద్దనలేదు అన్నా. పేరు ఉంచు, అంకె తీసెయ్. లేదా ఎప్పుడు కట్టారో ఆ వరుసలో పెట్టు. నేను రెండో రోజే కట్టిన.

కాజీపేట_జంక్షన్
అంకె తీసేస్తే 10,000 ఇచ్చేవాడు కూడా 1,000తో సరిపెడతాడు. పైన పెద్ద అంకెలు కనిపిస్తేనే తర్వాతి వాడు ఎక్కువ ఇస్తాడు.

ములుగు_రోడ్
అయితే మీకు పదకొండు మంది చాలు. మమ్మల్ని ఎందుకు పిలుస్తారు?

లెక్కల_లక్ష్మి
నా దగ్గర దీనికి ఒకే జవాబు లేదు. మా ఆఫీసులో అంకెలు దాచాం, వచ్చింది తగ్గలేదు. మా కాలనీలో దాస్తే పెద్దవాళ్లు ఇద్దరు అలిగారు.

హన్మకొండ_హరి
ఇంకో డౌట్. 50,000 దాటితే బయటివాళ్ల దగ్గర తీసుకున్న డబ్బు ఆదాయం కింద లెక్క, పన్ను పడుతుంది. పరకాల అన్న 1,19,000 మీద ట్యాక్స్ కట్టాలి కదా?

లెక్కల_లక్ష్మి
బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000 దాటి బహుమతిగా తీసుకుంటే మొత్తం మీద పన్ను, ఆ రూల్ నిజమే. కానీ ఇది ఆయనకిచ్చిన బహుమతా, బడి కోసం ఆయన చేతిలో పెట్టిన డబ్బా అన్నది వాదించాల్సిన విషయం. అడిగితే చూపించడానికి కాగితం ఉండాలి. డబ్బు నగదుగా తీయకుండా ఖాతా నుంచి నేరుగా షాపుకు పంపండి. బిల్లు బడి పేరున రాయించండి. డెస్కులు అందాయని హెడ్‌మాస్టర్ దగ్గర లెటర్ తీసుకోండి. మీ ఆడిటర్‌ను ఒకసారి అడగండి, ఈ విషయంలో నా మాటే ఫైనల్ కాదు.

ఇంకోటి, మీ వాళ్లలో ఎవరైనా పన్ను మినహాయింపు కోసం 80జీ రసీదు అడిగితే రాదని చెప్పేయండి. అది ఆ గుర్తింపు ఉన్న ట్రస్టులకే, మనిషి పేరున తెరిచిన పేజీకి ఉండదు.

పరకాల_బ్యాచ్
అడిగారు. డల్లాస్‌లో ఉన్నవాడు కూడా అడిగాడు. అతని కార్డు పేజీ తీసుకోనే లేదు. చివరికి హన్మకొండలో వాళ్ల తమ్ముడు కట్టాడు.

లెక్కల_లక్ష్మి
అతని పాస్‌పోర్టు ఇంకా ఇండియాదేనా? అయితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అక్కడి పౌరుడైపోతే వస్తుంది, అప్పుడు చట్టం వేరే. కార్డు ఆగడమే మంచిదైందేమో.

పరకాల_బ్యాచ్
*(రెండు రోజుల తర్వాత)*

గ్రూపులో మొత్తం పెట్టేశాను. రిపోర్టు, బ్యాంకు మెసేజ్, లక్ష్మి గారి లెక్క, షాపు అడ్వాన్స్ రసీదు. ఎవరూ నన్ను తిట్టలేదు. ఒకడు మాత్రం "ఎనిమిది వేలు ఫీజా, నాకు చెబితే ఫ్రీగా చేసేవాణ్ని" అన్నాడు. వాడు 500 కూడా ఇవ్వలేదు.

షాపుకు ఇంకా 1,32,000 కట్టాలి, మా దగ్గర 1,19,682.50 ఉంది. 12,317.50 తక్కువ. రెండుసార్లు కట్టి వాపసు తీసుకున్న మా హైదరాబాద్ వాడు, "ఆ రెండో అయిదు వేలు అప్పుడే వదిలేయాల్సింది రా" అని నేరుగా షాపు ఖాతాకు 5,000 పంపాడు. దానికి కోత లేదు. 28 డెస్కులు చేయించాం. మా దగ్గర 2,682.50 మిగిలింది. అందులో వరంగల్ నుంచి ట్రాలీ ఆటోకు 2,200 పోయింది. ఆ ఖర్చు మేం టార్గెట్‌లో రాయనే లేదు. చేతిలో 482.50 ఉంది. ఇంకా రెండు డెస్కులు బాకీ, వాటి కోసం మళ్లీ పేజీ తెరవాలా వద్దా అని గ్రూపులో ఓటింగ్ నడుస్తోంది.

ములుగు అన్నా, కొత్త పేజీ తెరిస్తే అంకెలు దాస్తాను. జంక్షన్ అన్న ఒప్పుకోకపోయినా.

కాజీపేట_జంక్షన్
నేను మీ బ్యాచే కాదు కదా అన్నా.

మడికొండ_మామ
మొత్తం చదివాను. అయితే ఇందులో పాట లేదన్నమాట.